కూలిన సెంట్రింగ్ గురించి యజమానికి ఏం చెప్పాలి?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రోడ్లు, భవనాల శాఖల ఇంజనీర్-ఇన్-చీఫ్ గార్లకు,



స్లాబు పోస్తుండగా సెంట్రింగ్ కూలితే విచారణ జరుగుతుంది, నిపుణులు రిపోర్టు ఇస్తారు. ఆ రిపోర్టు ఆధారంగా నిర్ణయాలు తీసుకోవలసిన మనిషి మాత్రం చాలాసార్లు ఇంజనీరు కాడు. బడి కట్టిస్తున్న ట్రస్టు కార్యదర్శి కావచ్చు, కల్యాణ మండపం కట్టిస్తున్న ఆలయ కమిటీ అధ్యక్షుడు కావచ్చు, మున్సిపల్ చైర్మన్ కావచ్చు. లెక్కల పేజీలు, పరీక్షల పట్టికలు వాళ్లకు అర్థం కావు. వాళ్లు చదివేది మొదట్లో ఉండే అర పేజీ సారాంశం ఒక్కటే. అందులో సాధారణంగా కనిపించేవి మూడు మాటలు: నాణ్యతా లోపం, పర్యవేక్షణ లోపం, భద్రతా నిబంధనల ఉల్లంఘన. ఈ మూడూ ఏ ప్రమాదానికి అతికించినా అతుకుతాయి, కాబట్టి ఏ ప్రమాదాన్నీ వివరించవు. సారాంశం రాయడమంటే తీర్పును కుదించడం కాదనీ, తీర్పు దాకా నడిచిన తర్కాన్ని మామూలు మాటల్లో నిలబెట్టడమనీ మీ ముందు వాదించడానికే ఈ లేఖ. అలా రాయని సారాంశం అబద్ధం కాకపోయినా యజమాని చేత తప్పు మరమ్మతు చేయిస్తుంది.

గాలిలో మాట్లాడకుండా, విచారణ పూర్తిగా జరిగి ఫలితాలు అందరికీ అందుబాటులో ఉన్న ఒక ప్రమాదాన్ని తీసుకుంటాను. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో, విల్లో ఐలాండ్ అనే చోట, విద్యుత్ కేంద్రానికి ఒక కూలింగ్ టవరు కడుతున్నారు. మన థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో కనిపించే, నడుము సన్నగా ఉండే కాంక్రీటు టవర్ల లాంటిదే అదీ. గోడను రోజుకు ఒక పట్టీ చొప్పున, ఒక్కో పట్టీ 5 అడుగుల ఎత్తున, చుట్టూ పోసుకుంటూ పైకి వెళ్తున్నారు. ఇక్కడ సెంట్రింగు కింద నేల మీద ఆనించిన జాకీలు ఉండవు. కూలీలు నిలబడే పరంజా, కాంక్రీటు పోసే అచ్చు, కాంక్రీటు తొట్టిని పైకి లాగే క్రేన్ల చట్రం, ఇవన్నీ అప్పటికే పోసిన గోడకు బోల్టులతో బిగించి దాని మీదే వేలాడతాయి. అంటే నిన్న పోసిన కాంక్రీటు ఇవాళ్టి పనికి పునాది. 1978 ఏప్రిల్ 27 ఉదయం 10 గంటలు దాటాక, గోడ సుమారు 166 అడుగుల ఎత్తుకు చేరి, 29వ పట్టీ పోస్తున్నప్పుడు, ముందు రోజు పోసిన 28వ పట్టీ ఒక చోట విరగడం మొదలై రెండు వైపులా పాకుతూ చుట్టూ ఊడిపోయింది. దాన్ని పట్టుకుని వేలాడుతున్న పరంజా మొత్తం కిందికి వచ్చింది. దాని మీద ఉన్న 51 మందీ చనిపోయారు.

ఇప్పుడు యజమాని స్థానంలో ఉండి ఆలోచించండి. టవరు పక్కన కుప్పగా పడి ఉన్నవి తెగిన తాళ్లు, వంగిన ఇనుము, ముక్కలైన కాంక్రీటు. కూలే క్షణంలో కాంక్రీటు తొట్టి ఒకటి పైకి వస్తోంది. కూలడం మొదలైంది కూడా ఆ తొట్టిని లాగుతున్న 4వ నంబరు క్రేన్ చట్రం దగ్గరే. చూసిన ఎవరికైనా మొదట తోచేది తాడు తెగిందనో, బోల్టు ఊడిందనో. వాటి మీద సారాంశం రాస్తే యజమాని కొత్త తాళ్లు, కొత్త బోల్టులు కొని, మర్నాటి నుంచి మళ్లీ రోజుకో పట్టీ పోయిస్తాడు. నిర్లక్ష్యమే కారణమని రాస్తే ఒక సూపర్‌వైజరును తీసేసి, మళ్లీ రోజుకో పట్టీ పోయిస్తాడు. రెండు సందర్భాల్లోనూ అసలు ప్రమాదం సైటులోనే మిగిలి ఉంటుంది. ఎందుకంటే దర్యాప్తు చేసిన నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ తేల్చింది వేరే సంగతి: 28వ పట్టీ కాంక్రీటు తగినంత గట్టిపడక ముందే దాని మీద నిర్మాణ భారం మోపడమే కూలడానికి అత్యంత సంభావ్యమైన కారణం. ఈ వాక్యం చదివిన యజమాని కొనాల్సింది తాడు కాదు. మార్చాల్సింది పనుల వరుస.

అయితే ఆ ఒక్క వాక్యాన్ని తెచ్చి యజమాని చేతిలో పెడితే సరిపోతుందా? సరిపోదు. దాన్ని ఎందుకు నమ్మాలో ఆయనకు తెలియదు. కాంట్రాక్టరు వచ్చి తాడే తెగిందండీ అంటే ఆ మాట కూడా ఇంతే నమ్మదగ్గదిగా వినిపిస్తుంది. అందుకని దర్యాప్తు నడిచిన దారి సారాంశంలో కనిపించాలి. విల్లో ఐలాండులో ఆ దారి అర్థం కానంత జటిలమైనదేమీ కాదు. కూలడం ఎక్కడ మొదలైందో సాక్షుల మాటల నుంచి, శిథిలాలు పడిన తీరు నుంచి గుర్తించారు. పరంజా భాగాలనూ తొట్టిని లాగే ఏర్పాటునూ పరిశీలించి, పరీక్షించి, మొదట చెడింది అవేనని చూపే ఆధారం లేదని పక్కన పెట్టారు. మిగిలింది కాంక్రీటు. ఇక్కడే అసలు చిక్కు ఉంది. కూలిన కాంక్రీటు ముక్కను వారం తర్వాత తెచ్చి పరీక్షిస్తే ప్రయోజనం లేదు, ఎందుకంటే అది కింద పడి ఉండగానే గట్టిపడుతూ పోతుంది. కావలసింది కూలిన నిమిషంలో దాని బలం. అందుకని అదే పాళ్లలో కాంక్రీటు కలిపి, ఆ రాత్రి ఉన్నంత చలిలో ఉంచి, అంతే వయసు వచ్చాక పరీక్షించి చూశారు. కూలే సమయానికి 28వ పట్టీ వయసు సుమారు 20 గంటలు. చుట్టూ గాలి సగటున 10 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ. తేలిన బలం చదరపు అంగుళానికి సుమారు 220 పౌండ్లు, అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 15 కిలోలు. మన దగ్గర మామూలు స్లాబులకు వాడే ఎం-25 కాంక్రీటు 28 రోజులకు సుమారు 250 కిలోలకు రావాలి. ఆ తర్వాత లెక్కలు వేసి, అంత లేత కాంక్రీటు ఆ చట్రం లాగుడును మోయలేదని చూపారు.

ఇదంతా ఇంజనీరు కాని మనిషికి ఎలా చెప్పవచ్చో ఊరికే అనడం కంటే రాసి చూపడం మేలు. నేనైతే ఇలా రాస్తాను: “కూలీలు నిలబడిన పరంజా నేల మీద ఆనుకుని లేదు, గోడకే వేలాడుతోంది. అది ఎక్కువగా ఆధారపడిన పై పట్టీని ముందు రోజే పోశారు. ఆ రాత్రి చలి ఎక్కువ. చలిలో కాంక్రీటు నెమ్మదిగా గట్టిపడుతుంది. ఉదయానికి అది పైన మోపిన భారం మోసే స్థితికి రాలేదు. తొట్టిని లాగుతున్నప్పుడు ఒక చోట విరిగింది, పక్క భాగాలూ అంతే బలహీనంగా ఉన్నందున ఆ విరుపు చుట్టూ పాకింది. తాళ్లు, ఇనుప భాగాలు ముందుగా చెడాయనడానికి ఆధారం దొరకలేదు. కాంక్రీటు బలాన్ని ఆ క్షణంలో ఎవరూ కొలవలేదు కాబట్టి ఆ అంకె ప్రయోగశాలలో అదే పరిస్థితులు కల్పించి తెలుసుకున్నది. పని మళ్లీ మొదలుపెట్టే ముందు, కింది పట్టీ చాలినంత గట్టిపడిందని సైటులోనే కొలిచి, రాసి, సంతకం చేసే ఏర్పాటు ఉండాలి. అది లేకుండా పై పట్టీ పోయకూడదు.” ఇందులో సాంకేతిక పదం ఒక్కటీ లేదు. అయినా ఏం జరిగింది, ఎలా తెలిసింది, ఏవి కావని తేలింది, ఎక్కడ ఊహ ఉంది, ఇప్పుడేం చేయాలి అన్న అయిదు ప్రశ్నలకూ జవాబు ఉంది.

ఈ అయిదింటిలో తరచుగా జారిపోయేది ‘ఏవి కావు’ అన్నది. విచారణకు వెళ్లిన ఇంజనీరుకు సైటులో లోపాలు కుప్పలుగా కనిపిస్తాయి. విల్లో ఐలాండులోనూ కొన్ని బోల్టులు లేవని, పరంజా నుంచి దిగడానికి నిచ్చెన ఒక్కటే ఉందని అప్పట్లో బయటికి వచ్చింది. ఇలాంటివన్నీ ఒకే జాబితాలో, ఒకే బరువుతో పెడితే చదివేవాడు తనకు అర్థమైనదాన్ని కారణంగా తీసుకుంటాడు. నిచ్చెన అందరికీ అర్థమవుతుంది, లేత కాంక్రీటు అర్థం కాదు. అందుకే ప్రతి లోపాన్నీ ఒకే ప్రశ్నతో తూచాలి: ఇది సరిగా ఉండి ఉంటే సెంట్రింగ్ నిలబడేదా? కాంక్రీటు గట్టిపడి ఉంటే నిలబడేది, కాబట్టి అది కారణం. నిచ్చెనలు నాలుగు ఉన్నా గోడ విరిగేదే. తప్పించుకునే దారి ఎంత ఉందన్నది మాత్రమే దానితో తేలుతుంది, కాబట్టి అది నష్టాన్ని పెంచగల లోపం. కూలడంతో సంబంధం లేకపోయినా సరిదిద్దక తప్పని లోపాలు మూడో గుంపు. ఈ మూడు గుంపులు విడివిడిగా ఉంటే యజమానికి తన డబ్బు మొదట ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

దీనికి మొదటి అభ్యంతరం యజమాని నుంచే వస్తుంది, అది న్యాయమైనదే. అంతకుముందు పట్టీలన్నీ ఇలాగే పోశారు కదా, ఏమీ కాలేదు కదా, ఈ ఒక్కటే ఎందుకు కూలింది? మన సైట్లలో ఇదే మాట, ఇరవై ఏళ్లుగా ఇలాగే పోస్తున్నాం సార్ అన్న రూపంలో వినిపిస్తుంది. సారాంశం ఈ ప్రశ్నను తప్పించుకోకూడదు. జవాబు ఇది: నిన్న నిలబడిందంటే నిన్న బలం భారం కంటే ఎక్కువ ఉందని మాత్రమే అర్థం. ఎంత ఎక్కువ ఉందో నిలబడటం చెప్పదు. బలం రాత్రి చలిని బట్టీ, పోసిన గంటను బట్టీ రోజుకో రకంగా ఉంటుంది. భారం తొట్టి ఎక్కడ లాగుతున్నారు, తాడు ఏ కోణంలో ఉంది అన్నదాన్ని బట్టి మారుతుంది. రెండూ కొలవకుండా వదిలేసిన చోట ఏదో ఒక రోజు రెండు గీతలూ కలుస్తాయి. ఆ రోజు ఏదన్నది యాదృచ్ఛికం కావచ్చు, కలవడం మాత్రం యాదృచ్ఛికం కాదు. ఈ ఆరు వాక్యాలు లేకపోతే యజమాని ఆ ప్రమాదాన్ని దురదృష్టం ఖాతాలో వేసి ఊరుకుంటాడు.

రెండో అభ్యంతరం ‘అత్యంత సంభావ్యం’ అన్న మాట గురించి. కోట్లు పోయి, ప్రాణాలు పోయిన చోట నిపుణులు బహుశా అంటే ఎలా అని అడుగుతారు. ఆ గొడవ పడలేక కొందరు ఇంజనీర్లు సారాంశంలో ఆ మాటను కొట్టేసి ‘కారణం ఇదే’ అని రాస్తారు. ఇంకొందరు ప్రతి వాక్యానికీ ‘కావచ్చు’ తగిలిస్తారు. రెండూ యజమానిని మోసం చేసేవే. నిజానికి రిపోర్టులోని మాటలన్నింటికీ ఒకే స్థాయి నిశ్చయం ఉండదు. 28వ పట్టీ ఊడిందన్నది కళ్ల ముందున్న నిజం. దాని బలం ఎంతన్నది ప్రయోగశాలలో తిరిగి కల్పించి తేల్చిన విషయం, కొద్దిగా అటూ ఇటూ కావచ్చు. విరుపు పాకిన క్రమం సాక్ష్యాన్నీ లెక్కనూ కలిపి అల్లిన అంచనా. మూడింటినీ మూడు రకాల క్రియలతో చెప్పవచ్చు: చూశాం, కొలిచాం, దీన్నిబట్టి అనుకుంటున్నాం. వాక్యంలో ఈ తేడా ఉంటే చాలు, శాతాలు అక్కరలేదు. సంభావ్యం అన్నా నిర్ణయం ఆగనక్కరలేదనీ అదే చోట చెప్పాలి. లేత కాంక్రీటు మీద భారం మోపకపోవడం మిగతా కారణాలు నిజమైనా అవసరమైన జాగ్రత్తే.

మూడో అభ్యంతరం మీ శాఖల్లోనే వస్తుందని తెలుసు: మామూలు మాటల్లో రాస్తే రేపు కోర్టులో వకీలు ఆ వాక్యాన్నే పట్టుకుంటాడు, సాంకేతిక భాషలో ఉంటే రక్షణ ఉంటుంది. ఇందులో సగం నిజం ఉంది. విడిగా తీసిన వాక్యానికి వేరే అర్థం లాగవచ్చు. కానీ పర్యవేక్షణ లోపం లాంటి మాటను ఎటు కావాలంటే అటు లాగవచ్చు, ఎందుకంటే దాని వెనుక కొలత లేదు. ముందు రోజు పోసిన కాంక్రీటును కొలవకుండా భారం మోపారు అన్న వాక్యాన్ని అలా లాగడం కష్టం. దీనికి సులువైన మందు ఒకటుంది. సారాంశంలోని ప్రతి వాక్యం చివర అసలు రిపోర్టు పేజీ నంబరు వేయాలి. అలాగే సారాంశం మనుషుల పేర్లు చెప్పకుండా నిర్ణయాల పేర్లు చెప్పాలి: ఏ దశలో, ఏ హోదాలో ఉన్నవారు, ఏది కొలవకుండా, దేనికి అనుమతి ఇచ్చారు. శిక్ష ఎవరికన్నది వేరే అధికారి, వేరే ప్రక్రియ తేల్చవలసిన సంగతి. రెండింటినీ ఒకే సారాంశంలో కలిపితే యజమాని దోషిని వెతికి, కారణాన్ని మర్చిపోతాడు.

చలి దేశపు టవరుతో మనకేం పని అనవచ్చు. మన సెంట్రింగులో ఎక్కువ భాగం నేల మీదో కింది స్లాబు మీదో జాకీలతో నిలబడేదే. అయినా లేత కాంక్రీటు మీద భారం మోపే తప్పు రూపం మార్చుకుని మన దగ్గరా ఉంటుంది. జాకీల పనిలో అది ఎలా ఉంటుందో చూడండి: 1973 మార్చి 2న వర్జీనియాలోని బెయిలీస్ క్రాస్‌రోడ్స్‌లో ఒక అపార్టుమెంటు భవనం 24వ అంతస్తు స్లాబు పోస్తుండగా కూలి 14 మంది చనిపోయారు. కింద 23వ అంతస్తు ఇంకా లేతగా ఉండగానే దాని కింది జాకీలు తీసేయడమే కారణమని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్సే తేల్చింది. మన అపార్టుమెంట్లలో ఒక అంతస్తు జాకీలు విప్పి పై అంతస్తుకు తీసుకెళ్లడం రోజూ జరిగే పని. దానికి ఐఎస్ 456:2000 గడువులు ఇచ్చింది: 4.5 మీటర్ల లోపు స్పాను ఉన్న స్లాబు కింది జాకీలకు 7 రోజులు, అంతకు మించితే 14. మేస్త్రీలందరికీ ఈ రోజుల లెక్క కంఠతా వచ్చు. ఆ లెక్క ఆర్డినరీ పోర్ట్‌లాండ్ సిమెంటుకనీ, వాతావరణం 15 డిగ్రీల కంటే తగ్గనప్పటికనీ, అసలు షరతు రోజులు కాదు బలమనీ అదే చోట రాసి ఉన్న సంగతి అంతగా తెలియదు. విప్పే సమయానికి కాంక్రీటు మీద పడబోయే ఒత్తిడికి కనీసం రెట్టింపు బలం దానికి వచ్చి ఉండాలని ఆ కోడ్ అంటుంది. లంబసింగిలోనో ఆదిలాబాదులోనో జనవరి రాత్రి 15 డిగ్రీల కిందికి దిగడం వింత కాదు. మొదటి రోజుల్లో నెమ్మదిగా గట్టిపడే ఫ్లైయాష్ సిమెంటు వాడకం ఇప్పుడు ఎక్కడ చూసినా ఉంది. ఇలాంటి చోట కూలిన స్లాబుకు, గడువు 7 రోజులు పూర్తయిందని కాంట్రాక్టరు కాగితం చూపిస్తాడు, అది నిజమే అవుతుంది. ‘నిబంధనలు పాటించారు, అయినా కూలింది’ అని చదివిన యజమాని ఇక ఎవరినీ ఏమీ అడగలేడు. ‘రోజులు లెక్కపెట్టారు, బలం కొలవలేదు’ అని చదివిన యజమాని అడగగలడు.

కాబట్టి మీకు నా విన్నపాలు మూడు. ఒకటి, సెంట్రింగ్ కూలిన ప్రతి విచారణలోనూ ఇంజనీరు కాని పాఠకుడి కోసం తెలుగులో రెండు పేజీల సారాంశం తప్పనిసరి చేయండి. పైన చెప్పిన అయిదు ప్రశ్నలకూ అదే వరుసలో జవాబులు, ప్రతి వాక్యానికీ అసలు రిపోర్టు పేజీ నంబరు అందులో ఉండాలి. రెండు, లోపాల జాబితా ఒక్కటిగా కాక కారణం, నష్టాన్ని పెంచినవి, కూలడంతో సంబంధం లేనివి అని మూడుగా విడిపోవాలి. మూడు, సారాంశాన్ని ఆమోదించే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. నిర్మాణం గురించి ఏమీ తెలియని ఒక ఉద్యోగికి ఇచ్చి చదివించి, పని మళ్లీ మొదలయ్యేటప్పుడు కాంట్రాక్టరును ఏమడుగుతారో రాయమనండి. ‘జాగ్రత్తగా చేస్తారా’ అని రాస్తే ఆ సారాంశాన్ని వెనక్కి పంపండి. ‘కింది స్లాబు ఇవాళ ఎంత బలంగా ఉంది, ఎవరు, దేనితో కొలిచారు, ఆ కాగితం ఏది’ అని రాస్తే ఆమోదించండి.

ఇట్లు,
ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు